రాత్రి ఎనిమిదికి పోయే ప్యాకెట్లు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. రెండేళ్లుగా అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్నా. అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం, కేబుల్ ఇంటర్నెట్. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా కౌంటర్-స్ట్రైక్ 2 ఆడదామంటే దారిలో డేటా ముక్కలు రాలిపోయి ప్యాకెట్ లాస్ నాలుగైదు శాతం చూపిస్తుంది. వైఫై కాదు, ల్యాన్ వైరే. పగలు ఏ ఇబ్బందీ లేదు. శనివారం పొద్దున కడపలో ఉన్న మా తమ్ముడితో ముంబై సర్వర్‌లో ఆడితే పింగ్ ఎక్కువే గానీ లాస్ సున్నా. కంపెనీకి మూడు మెయిళ్లు రాశా. "స్పీడ్ బాగుంది, మోడెమ్ రీస్టార్ట్ చేయండి" అనే జవాబే మూడుసార్లూ. మూడో హాప్‌లో 62 శాతం లాస్ ఉందని స్క్రీన్‌షాట్ పెట్టినా పట్టించుకోలేదు. చివరి మెయిల్ నీకూ పంపుతున్నా. ఎట్లా రాస్తే వింటారు?

జవాబు: తమ్ముడూ, మెయిల్ చదివాను. రెండు పేజీల కోపం, మధ్యలో ఒక స్క్రీన్‌షాట్. కోపం సంగతి పక్కన పెడదాం. నిన్ను దెబ్బతీసింది ఆ 62 శాతమే. నెట్‌వర్క్ తెలిసినవాడు అది చూడగానే "ఈ కుర్రాడికి రిపోర్టు చదవడం రాదు" అనుకుని ఫైలు మూసేస్తాడు. నీకు కావలసిన సాక్ష్యం మాత్రం అదే స్క్రీన్‌షాట్‌లో, దానికి పై వరసలో ఉంది. నువ్వు పంపినదాన్ని కాస్త కుదించి పెడుతున్నా (కంపెనీ అడ్రస్‌లు మార్చాను). ఒక్కో వరసా దారిలో తగిలే ఒక్కో హాప్, అంటే ఒక్కో రూటర్. Snt పంపిన పింగ్‌లు, Loss% వాటిలో బదులు రానివి, Avg సగటున పట్టిన మిల్లీసెకన్లు.

```
Host             Loss%   Snt   Avg
1. 192.168.0.1    0.0%   600   0.6
2. 10.20.0.1      4.8%   600  31.2
3. 10.20.8.5     62.0%   600  33.0
4. 10.20.9.1      5.0%   600  33.8
7. 8.8.8.8        5.2%   600  36.4
```

మూడో వరసలో నిజంగానే వందకు 62 ప్యాకెట్లు పోతూ ఉంటే, దాని వెనకాల ఉన్న నాలుగుకీ ఏడుకీ 95 ఎలా చేరాయి? చేరవు కదా. అక్కడ పోయింది నీ ట్రాఫిక్ కాదు, ఆ రూటర్ నీకు చెప్పాల్సిన సమాధానాలు. పెద్ద రూటర్ల అసలు పని ప్యాకెట్లను అవతలికి తోయడం. "ఉన్నావా" అని అడిగే పింగ్‌కు బదులు చెప్పడం అనేది తీరిక ఉంటే చేసే పని, చాలా కంపెనీలు దానికి పరిమితి కూడా పెడతాయి. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్ దగ్గర మనిషి లేనంత మాత్రాన బస్సులు ఆగవు గదా, అట్లా.

కాబట్టి ఈ పట్టికను కింది నుంచి పైకి చదవాలి. చివరి వరస గూగుల్ సర్వర్, అక్కడ 5.2 శాతం ఉంది, అంటే లాస్ నిజమే. ఆ లాస్ ఎక్కడ మొదలైందో చూస్తూ పైకి వెళ్లు. నాలుగులో ఉంది, రెండులో ఉంది, ఒకటిలో లేదు. ఒకటి నీ ఇంట్లో రూటర్. రెండు, నీ మోడెమ్ దాటాక తగిలే కంపెనీ వాళ్ల మొదటి పెట్టె. అంటే ప్యాకెట్లు పోతున్నది నీ గోడకీ వాళ్ల మొదటి పెట్టెకీ మధ్య. గేమ్ కంపెనీ మీదికో గూగుల్ మీదికో నెట్టేయడానికి వీల్లేని చోటు అది. ఇంత మంచి ముక్క చేతిలో పెట్టుకుని మూడో వరస చుట్టూ ఎర్ర గీత గీశావు!

నీ ముంబై మాట కూడా వృథాగా పోయింది, మెయిల్‌లో ఎక్కడా లేదు. ఎండాకాలం లెక్కన మీకు శనివారం పొద్దున తొమ్మిదైతే మాకు సాయంత్రం ఏడున్నర, ఇక్కడ ఊరంతా నెట్ మీదే ఉండే వేళ. అప్పుడు ప్రపంచానికి ఆ చివర ఉన్న ముంబై దాకా వెళ్లినా దారిలో ఒక్క ప్యాకెట్టూ రాలిపోలేదు. రాత్రి తొమ్మిదికి నీ పక్కూరులో ఉన్న డల్లాస్ సర్వర్‌కు చేరేలోపే రాలిపోతున్నాయి. రెండు దారులూ మొదలయ్యేది నీ ఇంటి ముందున్న ఆ ముక్క మీదుగానే. తేడా అల్లా మీ ఊరి గడియారంలో ఉంది. ఒక్క వాక్యంలో రాయాల్సిన సంగతి ఇది.

స్పీడ్ బాగుందన్న జవాబు అబద్ధం కాదు, కాకపోతే అది నీ ప్రశ్నకు జవాబు కాదు. స్పీడ్ టెస్ట్‌లో ప్యాకెట్ పోతే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. సినిమా అయితే ముందే కొంత దాచిపెట్టుకుంటుంది కాబట్టి తెలియదు. గేమ్‌కు ఆ వెసులుబాటు లేదు. కౌంటర్-స్ట్రైక్ 2 సర్వర్ సెకనుకు 64 సార్లు లెక్క చూసుకుంటుంది. ఐదు శాతం అంటే సెకనుకు మూడు లెక్కలు తప్పుతున్నట్టు. ఆలస్యంగా మళ్లీ తెచ్చుకుని లాభం లేదు, శత్రువు అప్పటికే గోడ దాటిపోయి ఉంటాడు.

ఇప్పుడు అసలు చిక్కు. "సాయంత్రం జనం ఎక్కువ, లైను ఇరుకైంది" అని నువ్వు ముందే తీర్పు చెప్పేశావు. చాలావరకు అదే అయ్యుండొచ్చు, కానీ తీర్పు ముందు రాయకు. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది.

కర్నూలులో మేము కేబుల్ టీవీతో పాటు ఇంటర్నెట్ మొదలుపెట్టిన కొత్తల్లో ఒక కాలనీ నుంచి రోజూ రాత్రి ఏడున్నర తర్వాత ఫోన్లు. "అన్నా, సీరియల్ టయానికి నెట్టు ఆగిపోతాంది." పింగ్ పెడితే వందకు పది పోతున్నాయి. జనం ఎక్కువయ్యారని అప్పు చేసి మరీ బ్యాండ్‌విడ్త్ పెంచాం. మరుసటి రాత్రి మళ్లీ అవే ఫోన్లు. గ్రాఫ్ చూస్తే లైను సగం ఖాళీ. చివరికి ఒకరి మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన రేకు డబ్బాలో పెట్టిన ఎనిమిది పోర్టుల స్విచ్ దగ్గర టార్చి వేసుకుని కూర్చున్నా. ఏడున్నరకు కాలనీలో కూలర్లు, మోటార్లు ఒక్కసారిగా ఆన్ అవుతూనే స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి ఆరిపోయి మళ్లీ వెలుగుతున్నాయి. మల్టీమీటర్ పెడితే 160 వోల్టులు. ఆ స్విచ్‌కు ఇచ్చింది పాత కాలం లావు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్. 160కి దాని అవుట్‌పుట్ పడిపోయి స్విచ్ ఉక్కిరిబిక్కిరై రీస్టార్ట్ అవుతోంది. 100-240 వోల్టులు అని రాసి ఉండే మామూలు అడాప్టర్ తగిలించి దిగొచ్చా. అంతే, ఫోన్లు ఆగిపోయాయి. బ్యాండ్‌విడ్త్ అప్పు మాత్రం ఏడాది కట్టాం.

డల్లాస్‌లో వోల్టేజ్ గొడవ ఉండదులే. కానీ రాత్రిపూట మాత్రమే వచ్చే లాస్‌కు నీ దగ్గర కూడా మూడు కారణాలు ఉండొచ్చు. మూడింటికీ మందు వేరు.

మొదటిది మీ ఇంట్లోనే. కేబుల్ ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ ఎంత ఉన్నా చాలా ప్లాన్లలో అప్‌లోడ్ సన్నగా ఉంటుంది. నీ రూమ్మేట్ ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ వైఫైకి తగలగానే ఆ రోజు తీసిన ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతుంది. ఆ సన్న దారి నిండిపోతుంది, నీ గేమ్ ప్యాకెట్లు మోడెమ్ గుమ్మం దగ్గరే క్యూ కట్టి, కొన్ని రాలిపోతాయి. పట్టికలో అది కూడా రెండో వరసలోనే లాస్‌గా కనిపిస్తుంది, అచ్చం కంపెనీ తప్పులాగే! అందుకని ఒక రాత్రి తొమ్మిదికి మిగతా ఇద్దరినీ పది నిమిషాలు బతిమాలుకో. వైఫై ఆపేసి, టీవీ వైరు పీకేసి, నీ కంప్యూటర్ ఒక్కటే ఉంచి టెస్ట్ పెట్టు. లాస్ మాయమైతే కంపెనీకి ఉత్తరం అవసరం లేదు. రూటర్ సెట్టింగుల్లో ఏ ప్యాకెట్లు ముందు పోవాలో చూసుకునే క్యూఓఎస్ ఆన్ చేసి, అప్‌లోడ్‌ను ఉన్నదానిలో 85, 90 శాతానికి కట్టేస్తే సరిపోతుంది.

రెండోది వైరు జబ్బు. వదులైన కనెక్టర్, ఒక వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ తుప్పు పట్టడం, బయట డబ్బాలో నీళ్లు దిగిన జాయింటు. వీటిలోంచి చుట్టుపక్కల ఇళ్ల విద్యుత్ గోల లైన్లోకి దూరుతుంది. అందరూ ఇంట్లో ఉండే రాత్రివేళ ఆ గోల ఎక్కువ కావచ్చు. మూడోది నువ్వు అనుకున్న ఇరుకు. మీ చుట్టూ ఉన్న చాలా ఇళ్లకు కలిపి నోడ్ అనే కంపెనీ పెట్టె ఒక్కటే, అందరూ ఒకేసారి వాడితే అది నిండిపోతుంది.

ఈ రెండింటినీ విడదీయడానికి నీ మోడెమ్ పనికొస్తుంది. బ్రౌజర్‌లో `192.168.100.1` కొడితే చాలా కేబుల్ మోడెమ్‌ల సొంత పేజీ తెరుచుకుంటుంది. అందులో `Uncorrectables` అనే వరస ఉంటుంది. దారిలో పాడైపోయి మోడెమ్ కూడా బాగుచేసుకోలేకపోయిన ముక్కల లెక్క అది. రాత్రి ఏడుకు ఒక ఫొటో, పదకొండుకు ఒక ఫొటో తీయి. ఈ నాలుగు గంటల్లో ఆ అంకె వేలల్లో ఎగబాకినా, మోడెమ్ పిలిస్తే కంపెనీ వైపు నుంచి బదులు రాలేదని చెప్పే `T3` టైమవుట్లు ఈవెంట్ లాగ్‌లో వరసగా పడినా వైరు జబ్బు. అంకె దాదాపు కదలకుండా ఉండి, మోడెమ్‌కు అందే సిగ్నల్ బలం, అంటే డౌన్‌స్ట్రీమ్ పవర్, -7 నుంచి +7 `dBmV` మధ్యనే ఉండి, అయినా లాస్ ఉంటే ఇరుకు అనుమానం బలపడుతుంది. పూర్తిగా తేలిందని మాత్రం అనుకోకు. నీ వైపు నుంచి పైకి వెళ్లే దారిలోని గోల ఈ పేజీలో సరిగా కనపడదు. అది కంపెనీ వైపు యంత్రంలోనే తెలుస్తుంది. అందుకే ఉత్తరంలో దాన్ని అడగాలి.

ఇక్కడొక జాగ్రత్త. రీస్టార్ట్ చేస్తే ఈ లెక్కలన్నీ సున్నాకు వెళ్తాయి, చాలా మోడెమ్‌లలో లాగ్ కూడా పోతుంది. కస్టమర్ కేర్ వాళ్లు మొదట చెప్పేదే రీస్టార్ట్. నువ్వు మూడుసార్లు వాళ్ల మాట విని మూడుసార్లు సాక్ష్యం చెరిపేశావు. ఇకమీద ముందు ఫొటో, తర్వాతే రీస్టార్ట్.

టెస్ట్ సంగతి. ఇరవై పింగ్‌లు పెట్టి ఒకటి పోతే ఐదు శాతం అని రాయొద్దు, దానికి విలువ లేదు. సెకనుకొకటి చొప్పున 600, అంటే పది నిమిషాలు. విండోస్‌లో మూడు కిటికీలు తెరిచి ఒకేసారి నడుపు. మొదటిది నీ రూటర్, రెండోది కంపెనీ మొదటి పెట్టె, మూడోది బయట.

```
ping -n 600 192.168.0.1
ping -n 600 10.20.0.1
ping -n 600 8.8.8.8
```

నడిమి అడ్రస్ `tracert -d 8.8.8.8` కొడితే రెండో వరసలో వస్తుంది. అది బదులివ్వకపోతే దాని తర్వాతది తీసుకో. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, మూడు రోజులు. మొత్తం ఆరు టెస్టులు, అంతకుమించి వద్దు. ముప్ఫై స్క్రీన్‌షాట్లు ఎవరూ తెరవరు.

ఇక ఉత్తరం. నేను తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషులో పెట్టుకో. అంకెలు నీ టెస్టుల్లో వచ్చినవే వేయి, నేను వేసినవి నమూనాకు మాత్రమే.

"విషయం: రోజూ రాత్రి 8-11 మధ్య మోడెమ్‌కూ మీ మొదటి హాప్‌కూ మధ్య ప్యాకెట్ లాస్. నెట్‌వర్క్ మెయింటెనెన్స్ విభాగానికి పంపగలరు.

నా అకౌంట్ నంబరు ఇది, మోడెమ్ మోడల్ ఇది. కంప్యూటర్ ల్యాన్ వైరుతో కలిపి ఉంది. మంగళ, బుధ, గురువారాల్లో టెస్ట్ చేశాను. మధ్యాహ్నం 600 పింగ్‌లలో మూడు చోట్లా పోయినవి సున్నా. రాత్రి 9కి నా రూటర్ దాకా సున్నా, మీ మొదటి హాప్ దాకా 29, బయటి సర్వర్ దాకా 31. బుధవారం రాత్రి ఇంట్లో మిగతా పరికరాలన్నీ తీసేసి చేసినా 27 పోయాయి. పొద్దున 9కి ఇదే లైను మీద ముంబై సర్వర్‌తో ఆడినప్పుడు లాస్ లేదు. రాత్రి 7కు, 11కు తీసిన మోడెమ్ పేజీ ఫొటోలు జత చేశాను. Uncorrectables ఆ మధ్యలో ఇంత పెరిగాయి. గేమ్‌లే కాదు, వీడియో కాల్స్ కూడా ఆ వేళలోనే తెగుతున్నాయి.

రెండు విషయాలు రాతపూర్వకంగా తెలపండి. ఒకటి, మా నోడ్‌లో రాత్రి 9 ప్రాంతంలో అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ వాడకం ఎంత శాతం ఉంది. రెండు, ఆ వేళలో అప్‌స్ట్రీమ్‌లో నాయిస్ ఉందా. టెక్నీషియన్‌ను పంపేటట్టయితే రాత్రి 7 తర్వాత పంపండి, పగలు లోపం కనపడదు. రీస్టార్ట్ ఇప్పటికే మూడుసార్లు చేశాను. టికెట్ నంబరు ఇవ్వగలరు."

చూశావా, ఇందులో "చెత్త సర్వీస్" లేదు, "కనెక్షన్ తీసేస్తా" లేదు. వీడియో కాల్ ముక్క ఎందుకంటే, గేమ్ అనే మాట ఒక్కటే కనపడితే "గేమ్ సర్వర్ వాళ్లను అడగండి" అనే తయారు జవాబు వస్తుంది. నీకు రాత్రి తొమ్మిదంటే మీ అమ్మకు ప్రొద్దుటూరులో పొద్దున ఏడున్నర, కాల్ చేసే వేళే. నిజంగా తెగుతుంటేనే రాయి, లేకపోతే ఆ వాక్యం కొట్టెయ్. మోడెమ్ నీ సొంతమైతే అది వాళ్ల ఆమోదించిన జాబితాలో ఉందో లేదో ముందే చూసుకో, లేకపోతే తప్పంతా దాని మీదికి తోస్తారు.

టెక్నీషియన్ వస్తే అతన్ని ఆ స్ప్లిటర్ దగ్గరికి తీసుకెళ్లు. ముగ్గురున్న అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఎప్పుడో టీవీ కోసం పెట్టి వదిలేసిన స్ప్లిటర్ ఒకటి గోడ వెనక ఉండడం మామూలే. వైరు జబ్బయితే కనెక్టర్ మార్చడంతో ఆ పూటే తేలిపోవచ్చు. నోడ్ ఇరుకైతే ఆ టెక్నీషియన్ చేతిలో ఏమీ లేదు. నోడ్‌ను రెండుగా విడదీయాలి, దానికి నెలలు పట్టొచ్చు, ఎప్పుడు చేయాలన్నది వాళ్ల ఇష్టం. చట్టం కూడా ఇక్కడ నీకు పెద్దగా అక్కరకు రాదు. 2024 ఏప్రిల్ నుంచి అమెరికాలో పెద్ద కంపెనీలు ప్లాన్‌తో పాటు ఒక లేబుల్ చూపాలి. అందులో స్పీడు, లేటెన్సీ ఉంటాయి గానీ ప్యాకెట్ లాస్ వరస లేదు. కాబట్టి "మాట తప్పారు" అని వాదించకు. పనిచేయని గంటలకు బిల్లులో తగ్గింపు అడుగు, అది ఇవ్వడం వాళ్లకు సులభం.

రెండు వారాల్లో అవే పాత జవాబులు వస్తే `consumercomplaints.fcc.gov`లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు పెట్టు. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఎఫ్‌సీసీ దాన్ని కంపెనీకి పంపిస్తుంది, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడ తీర్పేమీ చెప్పరు. కానీ సాధారణంగా అది కస్టమర్ కేర్ కుర్చీ దాటి పై టేబుల్ మీదికి వెళ్తుంది, అక్కడ నోడ్ గ్రాఫ్ తెరిచి చూడగలిగిన మనిషి ఉంటాడు. ఫిర్యాదులో కొత్త కథ రాయొద్దు. పై ఉత్తరమే, టికెట్ నంబర్‌తో సహా పెట్టు.

ఈలోగా మీ అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ ఏదైనా ఉందేమో అడుగు. ఉంటే ఈ టెస్టుల పనే ఉండదు. లేకపోతే ఆ రెండు మోడెమ్ ఫొటోలు నాకు పంపు, ఏడుకు తీసినదీ పదకొండుకు తీసినదీ. వైరో, ఇరుకో నా అంచనా అప్పుడు చెప్తా.